పాత ఊరి నడక డాక్యుమెంటరీ: యాంకర్ మాట ముందా, పాత ఫొటో ముందా?

వేణు_కెమెరా · సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం.

ఒక పాత ఊరి మీద 26 నిమిషాల డాక్యుమెంటరీకి ప్లాన్ వేస్తున్నాం. నడక కోట గుమ్మం దగ్గర మొదలవుతుంది. బజారు వీధి మీదుగా గడియార స్తంభం దాకా వెళ్లి, పాత రేవు దగ్గర ముగుస్తుంది. దారిలో 9 చోట్ల యాంకర్ ఆగి కెమెరాతో మాట్లాడతారు. ఆయన రిటైరైన చరిత్ర మాస్టారు. ఊరి గురించి ఎంతసేపైనా చెప్పగలరు, కెమెరా అంటే బెరుకు లేదు. మధ్యమధ్యలో పాత ఫొటోలు, ఒక మూగ ఫిల్మ్ ముక్క వేయాలని మా ఆలోచన. నూరేళ్ల నాటి ఫొటోలు 11 దొరికాయి. కొన్ని ఆర్కైవ్ నుంచి, కొన్ని ఊళ్లోవాళ్ల ఆల్బమ్‌ల నుంచి. ఫిల్మ్ ముక్క 40 సెకన్లు ఉంది.

మాస్టారి మాటలు రాసేశాం. ముందు ఆయన కెమెరాతో మాట్లాడే ముక్కలు, అంటే పీటీసీలన్నీ షూట్ చేసేసి, ఫొటోలు ఎడిటింగ్‌లో సర్దుకుందామనుకుంటున్నాం. ఈ వరస సరైనదేనా?

ఇంకోటి. మా దగ్గరున్నవాటిలో బజారు వీధి ఫొటో అన్నిటికన్నా బాగుంది. వీధికి రెండు పక్కలా ఒకేలాంటి కమానులు, చివర గడియార స్తంభం. మాస్టారు ఆ ఫొటో తీసినచోటే నిలబడి మాట్లాడి పక్కకి తప్పుకుంటే, ఇప్పటి వీధి మెల్లగా పాత వీధిగా మారాలి. రెక్కీలో ఫోన్‌తో ఎంత చూసినా ఆ ఫ్రేమ్ కుదరట్లేదు. ఎడమపక్క కమాను కుదిరితే స్తంభం తప్పుతోంది, స్తంభం కుదిరితే కమాను తప్పుతోంది. దీనికి పద్ధతేమైనా ఉందా?

శ్రీకాంత్_50ఎంఎం · సోమవారం, రాత్రి 9:40

తేడా లెన్స్‌ది బ్రదర్. ఫోన్‌లో ఉండేది వైడ్ లెన్స్. దానివల్ల దూరంగా ఉన్న స్తంభం ఇంకా దూరం జరిగినట్టు కనబడుతుంది. 50 ఎంఎం పెట్టి చూడండి, కంటికి కనబడ్డట్టే వస్తుంది.

వరస గురించి బెంగ వద్దు. మేమూ పీటీసీలు ముందే తీసేస్తాం, ఫొటోలతో ఎడిటింగ్‌లో కవర్ చేస్తాం. నూరేళ్ల నాటి ఫొటోలంటున్నారు కాబట్టి హక్కుల గొడవ కూడా ఉండదు.

పద్మజ_నడకలు · సోమవారం, రాత్రి 10:05

వేణు గారూ, నేను హెరిటేజ్ వాక్‌లు నడిపిస్తుంటాను కాబట్టి చెప్తున్నాను. 9 చోట్లు ఎక్కువ, 6 చాలు. ప్రతిచోటా నీడ ఉందో లేదో చూసుకోండి. గుంపు పెద్దదైతే వెనకవాళ్లకి వినబడదు, చేతి స్పీకర్ ఉండాలి. పాత ఫొటోలు పెద్ద సైజులో లామినేట్ చేయించి చేత్తో పట్టుకుంటే అందరికీ కనబడతాయి.

వేణు_కెమెరా · సోమవారం, రాత్రి 10:20

పద్మజ గారూ, ఇది జనాన్ని వెంటబెట్టుకుని చేసే నడక కాదండీ, సినిమా. యాంకర్ ఒక్కరే నడుస్తారు, చూసేవాళ్లు తెర ముందు ఉంటారు. అయినా మీ మాట ఒకటి పట్టుకున్నాను. ఫొటో మాస్టారి చేతిలో ఉండాలా, తెర నిండా ఉండాలా అన్నది మేమింకా తేల్చుకోలేదు.

పద్మజ_నడకలు · సోమవారం, రాత్రి 10:31

అలాగా! నేను నిజం నడక అనుకున్నాను. అయితే ఒక్క విషయం చెప్పి ఊరుకుంటాను, ఇది మీకూ పనికొస్తుంది. నేను ఫొటో పైకెత్తిన క్షణం నుంచి ఎవరూ నా మాట వినరు. అందరి కళ్లూ ఫొటోలో వెతుకుతుంటాయి, అదే కిటికీ ఎక్కడుంది, ఇప్పుడు ఏది లేదు అని. అందుకే ఫొటో ఎత్తాక కాసేపు నోరు మూసుకుంటాను. వాళ్ల తలలు మళ్లీ నా వైపు తిరిగాకే మొదలుపెడతాను.

లత_రీసెర్చ్ · మంగళవారం, ఉదయం 7:15

పద్మజ గారి మాట స్క్రిప్టు పైన రాసి పెట్టుకోవాల్సినది. తెర మీద కూడా అంతే. జనంతో నిండిన వీధి ఫొటో వేస్తే, కనీసం 6, 7 సెకన్లు మాట లేకుండా వదలాలి. మాస్టారు గుక్కతిప్పుకోకుండా మాట్లాడిన టేక్‌లో ఆ ఖాళీ ఉండదు. ఎడిటింగ్‌లో మాట మధ్య కోసి జాగా చేస్తే వాక్యం విరిగినట్టు వినబడుతుంది. మీ వరస తిరగేయమని నేననడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం, ఫొటోలో ఏముందో తెలియకుండా మాట రాస్తే మాట ఒకటి చెప్తుంది, ఫొటో ఇంకొకటి చెప్తుంది. ముందు ఏ ఫొటోలు వాడతారో ఖాయం చేసుకోండి. తర్వాత ఒక్కో ఫొటో ఎక్కడి నుంచి తీశారో నేల మీద గుర్తు పెట్టుకోండి. మాస్టారి మాట ఆ తర్వాత రాయండి. 9 చోట్లలో ఏది ఉండాలో, ఏది పోవాలో అప్పుడు దానంతట అదే తేలుతుంది.

ఇక ఫ్రేమ్ కుదరకపోవడం గురించి. శ్రీకాంత్ గారూ, దగ్గరి వస్తువుకీ దూరపు వస్తువుకీ మధ్య కనబడే పొందిక లెన్స్ మీద ఆధారపడదు. మీరు నిలబడ్డ చోటు మీద ఆధారపడుతుంది. ఒకేచోట నిలబడి వైడ్‌లో తీసి మధ్య భాగం కత్తిరించినా, 50 ఎంఎంలో తీసినా కమానూ స్తంభమూ ఒకే పొందికలో వస్తాయి. కాబట్టి వేణు గారూ, లెన్స్ మార్చకండి, కాళ్లు కదపండి.

ముందు కుడి ఎడమ. ఫొటోలో దగ్గరి గోడ అంచు దూరపు కట్టడంలో దేన్ని తాకుతోందో చూడండి. కమాను అంచు స్తంభం కిటికీని సగానికి కోస్తోందనుకోండి, మీ ఫోన్‌లోనూ అలా కోసేదాకా పక్కకి జరగండి. వీధి రెండో పక్కన ఇలాంటి దగ్గరి అంచు, దూరపు కట్టడం జత ఇంకొకటి పట్టుకుని సరిచూసుకోండి. రెండు జతలూ ఒకేసారి కుదరాలి.

తర్వాత ముందుకీ వెనక్కీ. ప్రింటు మీద స్కేలు పెట్టి కమాను ఎత్తు ఎంతో, స్తంభం ఎత్తు ఎంతో కొలిచి, మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. ఫోన్ ఫొటోలోనూ అదే కొలవండి. ముందుకి వెళ్లేకొద్దీ దగ్గరి కమాను గబగబా పెద్దదవుతుంది, దూరపు స్తంభం అంతగా పెరగదు. అంటే మీ లెక్క తక్కువొస్తే ముందుకి జరగాలి, ఎక్కువొస్తే వెనక్కి. తర్వాతి కాలంలో మార్చి కట్టిన భాగాలు కొలతకి తీసుకోకండి.

చివరగా ఎత్తు. నేల చదునుగా ఉన్న వీధిలో, దగ్గరున్నవాళ్ల తలలూ దూరంగా ఉన్నవాళ్ల తలలూ ఒకే గీత మీద ఉంటే కెమెరా మనిషి కంటి ఎత్తున ఉన్నట్టు. దూరంవాళ్ల తలలు పైకి పోతుంటే ఏ అరుగు మీదనుంచో, మేడ మీదనుంచో తీశారని అర్థం. ఇక్కడొక మెలిక ఉంది. తారు మీద తారు పోసి రోడ్డు పైకి లేచి ఉంటుంది. పాత ఫొటోలో ఆ అరుగుకి మూడు మెట్లుంటే ఇప్పుడు ఒకటే కనబడొచ్చు. కాబట్టి కెమెరా ఎత్తు రోడ్డు నుంచి కాకుండా, మారని గుమ్మం నుంచో కిటికీ అడుగు నుంచో లెక్కగట్టండి.

ఫోన్ మాత్రం పైకి వంచకండి. పెద్ద పాత కెమెరాల్లో లెన్స్ బోర్డును పైకి జరిపే వీలుండేది, అందుకే స్తంభం మొత్తం ఫ్రేమ్‌లో ఉన్నా దాని గోడలు నిటారుగా ఉంటాయి. మీరు ఫోన్ పైకి వంచితే గోడలు లోపలికి వాలతాయి, ఇక రెండూ కలవవు. వైడ్ పెట్టి, ఫోన్ నిటారుగా పట్టుకుని, తర్వాత పై భాగం ఉంచి కింది భాగం కత్తిరించేయండి.

శ్రీకాంత్_50ఎంఎం · మంగళవారం, ఉదయం 8:02

పొందిక గురించి మీరన్నది నిజమే మేడమ్, వైడ్‌లో తీసి కత్తిరించి చూశాను, అలాగే వచ్చింది. కానీ ఫోన్ వైడ్‌లో అంచులు సాగుతాయి కదా? కత్తిరించినా అంచుల దగ్గర తేడా ఉంటుంది.

లత_రీసెర్చ్ · మంగళవారం, ఉదయం 8:20

అంచుల్లో సాగడం ఉంటుంది శ్రీకాంత్ గారూ. అందుకే చోటు వెతికేటప్పుడు ఫోన్ చాలు, షూటింగ్‌కి మాత్రం అంచులు తిన్నగా ఉంచే లెన్స్ కావాలి. అక్కడ మీ మాటే సరి.

వేణు_కెమెరా · బుధవారం, సాయంత్రం 6:48

లత గారూ, మీరు చెప్పినట్టే చేశాం. సగం పని కుదిరింది, సగం కుదరలేదు.

ప్రింటు మీద కమాను 6 సెం.మీ., స్తంభం 4 సెం.మీ. అంటే 1.5. మేము అంతకుముందు నిలబడ్డచోట లెక్క 1.2 వచ్చింది. టేపు పెట్టి చూస్తే అక్కడి నుంచి కమాను 16 మీటర్లు. ముందుకి జరుగుతూ పోతే, కమాను 12 మీటర్లున్నచోట లెక్క సరిగ్గా 1.5 అయింది. నాలుగు మీటర్లలో ఇంత మార్పు వస్తుందని అనుకోలేదు.

కానీ కుడి ఎడమ మాత్రం ససేమిరా కుదరట్లేదు. ఒక జత కుదిరితే రెండోది తప్పుతోంది. స్తంభం మీది గడియారంలో 3:40 కనబడుతోంది, మనుషుల నీడలు కుడివైపు పడ్డాయి. ఉత్తరంగా చూస్తూ తీసిన ఫొటో కాబట్టి పడమటి ఎండ ఎడమ నుంచి వస్తుంది, సరిపోయింది. మేమూ ఆ టైమ్‌కే వెళ్లాం, నీడలు అచ్చం అలాగే పడ్డాయి. మరి తేడా ఎక్కడుంది?

రఫీ_ఎడిట్‌రూమ్ · బుధవారం, రాత్రి 7:30

గడియారం, నీడ రెండూ కలిశాయి కాబట్టి టైమ్ ఖాయం. నా అనుమానం స్తంభం మీద. దాన్ని కూల్చి కాస్త పక్కకి కట్టి ఉంటారేమో.

లత_రీసెర్చ్ · బుధవారం, రాత్రి 8:10

వేణు గారూ, స్తంభం కింద పైకెక్కే మెట్ల తలుపు ఉంటుంది కదా. ఫొటోలో అది ఏ పక్కన ఉంది, ఇప్పుడు ఏ పక్కన ఉంది? ఆ ఫొటో ప్రింటు నుంచి స్కాన్ చేసిందా, గాజు నెగటివ్ నుంచా?

వేణు_కెమెరా · బుధవారం, రాత్రి 8:34

గాజు నెగటివ్ నుంచేనని ఆర్కైవ్ వాళ్ల మెయిల్‌లో ఉంది. మేము స్కేలు పెట్టి కొలిచింది ఆ స్కాన్‌తో తీసిన ప్రింటు. తలుపు ఫొటోలో కుడిపక్కన ఉంది. ఇప్పుడు ఎడమపక్కన ఉంది! తర్వాత ఎప్పుడో మార్చారనుకున్నాం.

లత_రీసెర్చ్ · బుధవారం, రాత్రి 8:55

తలుపు మార్చలేదు, ఫొటో తిరగబడింది. గాజు పలకకి ఒకవైపే మందు పూత ఉంటుంది. స్కాన్ చేసేటప్పుడు పలక రెండో వైపు తిరిగి ఉంటే, కుడి ఎడమలు మారిన బొమ్మ వస్తుంది. తిరగేసి చూడండి.

రఫీ గారూ, గడియారం నీడ కలిశాయి కాబట్టి ఖాయమన్నారు కదా. ఈ ఫొటోలో ఆ రెండు సాక్ష్యాలూ కలిసే తప్పుదోవ పట్టిస్తాయి. అసలు టైమ్ ఉదయం 8:20 అనుకోండి. గడియారం ముఖాన్ని అద్దంలో చూస్తే 8:20 కాస్తా 3:40 అవుతుంది. ఉత్తరంగా చూసే ఫొటోలో ఉదయం ఎండ కుడి నుంచి వస్తుంది, నీడలు ఎడమకి పడతాయి. తిరగేస్తే ఎండ ఎడమ నుంచి, నీడలు కుడికి, అంటే సాయంత్రపు ఎండ లెక్క. మధ్యాహ్నం పన్నెండుకి ఇటూ అటూ ఎండ దాదాపు సమానంగా నడుస్తుంది కాబట్టి, తిరగబడిన ఉదయం అచ్చం నిజమైన మధ్యాహ్నంలాగే ఉంటుంది. ఉత్తరంగానో దక్షిణంగానో చూసే ఫొటోల్లో ఇది పట్టుకోవడం కష్టం. తూర్పుగానో పడమరగానో చూసే ఫొటో అయితే గడియారం ఒకటి చెప్తుంది, నీడ ఒకటి చెప్తుంది, వెంటనే దొరికిపోతుంది.

మీ వీధిలో రెండు పక్కలా ఒకేలాంటి కమానులు ఉండటం వల్ల ఎత్తుల లెక్క కూడా కుదిరింది. నమ్మాల్సింది రెండు పక్కలా ఒకేలా లేని వాటిని. తలుపులు, బోర్డుల మీది అక్షరాలు, గడియారం మీది అంకెల వరస, మగవాళ్ల చొక్కాల గుండీ పట్టీ. స్కాన్ పెద్దదైతే గడియారం అంకెలే చెప్పేస్తాయి.

వేణు_కెమెరా · గురువారం, సాయంత్రం 5:15

తిరగేశాం. ఉదయం వెళ్లి 12 మీటర్ల దగ్గరే, వీధి మధ్య నుంచి కుడివైపు కొద్దిగా జరిగి నిలబడగానే రెండు జతలూ కుదిరాయి. ఒక దుకాణం బోర్డు మీది మసక గీతలు తిరగేశాక అక్షరాల్లా కనబడుతున్నాయి. ఆర్కైవ్ వాళ్లకీ రాశాం, పలక మళ్లీ చూస్తామన్నారు.

ఇప్పుడు మాస్టారి స్క్రిప్టులో చిక్కొచ్చింది. అక్కడ ఆయన మాట ఇలా ఉంది: "మధ్యాహ్నం వేళ ఈ బజారు ఇలా నిర్మానుష్యంగా ఉండేది, నా వెనక నల్ల తలుపుల దుకాణం చూడండి." మధ్యాహ్నం అన్న మాట ఎలాగూ పోయింది. మిగతాదైనా ఉంచొచ్చా?

లత_రీసెర్చ్ · గురువారం, రాత్రి 7:02

మిగతా రెండూ అనుమానమే.

నిర్మానుష్యం సంగతి ముందు. తొలినాళ్ల ఫొటోలకి ఎక్స్‌పోజర్ చాలాసేపు పట్టేది. తొలి ఫొటో పద్ధతుల్లో ఒకదాన్ని కనిపెట్టిన డాగ్యేర్ 1838లో పారిస్‌లో ఒక రద్దీ వీధిని తీస్తే, బళ్లూ జనమూ ఏమీ పడలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ ఒక మనిషి మాత్రం పడ్డాడు. చెప్పాలంటే ఆ బొమ్మ కూడా కుడి ఎడమలు మారినదే, ఆయన పద్ధతిలో తీసిన డాగ్యేరోటైప్‌లన్నీ మామూలుగా అలాగే వస్తాయి. మీ ఫొటో అంత పాతది కాదు, మనుషులు కనబడుతున్నారు కూడా. కానీ నేల దగ్గర పొగలాంటి చారలు ఉన్నాయేమో చూడండి. ఉంటే అవి నడిచి వెళ్లినవాళ్లు. అలాంటప్పుడు నిలబడ్డవాళ్లే మిగిలారు తప్ప వీధి ఖాళీగా లేదు.

నల్ల తలుపులదీ అంతే. చాలా పాత ప్లేట్లకి ఎరుపు అంతగా అందదు, నీలం మరీ ఎక్కువ అందుతుంది. ఆకాశం తెల్లగా పోవడమూ, ఎర్ర రంగు వేసిన తలుపు నల్లగా పడటమూ అందుకే. రంగు పేరు చెప్పకుండా "పెద్ద తలుపుల దుకాణం" అంటే చాలు.

మూడోది, "నా వెనక చూడండి" అనిపించకండి. ఆర్కైవ్ నుంచి ఆ ఫొటోకి అనుమతి రాకపోతే ఆ టేక్ మొత్తం వృథా అవుతుంది. నేను పనిచేసిన ఒక చిత్రంలో, ఎడిటింగ్ పూర్తయ్యాక ఒక సంస్థ రెండు ఫొటోలు వెనక్కి తీసుకుంది. యాంకర్ "ఈ ఫొటోలో" అంటూ మొదలుపెట్టిన టేక్ ఒకటి అలాగే పోయింది, ఆ ఊరికి మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. అందుకని ఒక్కోచోట రెండు రకాలుగా తీయండి. ఒకటి ఫొటోని పిలిచే మాట, రెండోది ఫొటో లేకపోయినా నిలబడే మాట. "ఈ కమానుల కింద పొద్దున్నే దుకాణాలు తెరిచేవారు. వీధి చివర గడియారం అందరికీ కనబడేది" అన్నారనుకోండి, ఫొటో వచ్చినా బాగుంటుంది, రాకపోయినా బాగుంటుంది.

షాట్ విషయానికొస్తే, ట్రైపాడ్ బిగించి కదపకండి. మాస్టారు మాట ముగించి, ఒక క్షణం ఆగి, ఫ్రేమ్ పక్కనుంచి బయటికి నడవాలి. ఆయన వెళ్లాక ఖాళీ వీధి ఇంకో 15 సెకన్లు తీయండి. పాత ఫొటో కలపాల్సింది ఆ ఖాళీ మీదే. ఆయన ఫ్రేమ్‌లో ఉండగా కలిపితే పాత వీధిలో ఆయన సగం కరిగిన నీడలా కనబడతారు. ఉదయం 8:20కే తీయండి, నీడలు కలిస్తే కలిపిన జాడ తెలియదు. ఋతువు తేడా వల్ల నీడ పొడవు మారొచ్చు, దిక్కు దగ్గరగా ఉంటే చాలు.

శ్రీకాంత్_50ఎంఎం · గురువారం, రాత్రి 7:45

ఫొటోలు నూరేళ్లు దాటినవి కదా మేడమ్, అనుమతి రాకపోవడం ఏమిటి?

లత_రీసెర్చ్ · గురువారం, రాత్రి 8:12

కాపీరైట్ ఎన్నాళ్లు ఉంటుందన్నది దేశాన్ని బట్టి మారుతుంది. కొన్నిచోట్ల ఫొటోగ్రాఫర్ చనిపోయిన ఏడాది నుంచి లెక్కిస్తారు, కొన్నిచోట్ల అచ్చైన ఏడాది నుంచి. ఇరవై ఏళ్ల వయసులో తీసినాయన ఎనభై దాకా బతికితే మొదటి లెక్కలో అదెంత పొడుగవుతుందో చూడండి. అది తీరిపోయినా, స్కాన్ ఇచ్చే సంస్థకి దాని నిబంధనలుంటాయి.

వేణు గారి విషయంలో ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఆల్బమ్ ఫొటోల దగ్గర. ఇంట్లో ప్రింటు ఉన్నంత మాత్రాన హక్కు వాళ్లదని కాదు, చాలాసార్లు అది స్టూడియోవాళ్లది. ఫొటో వెనక ముద్ర ఉందేమో చూసి, ఆ స్టూడియో ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో కనుక్కోండి. ఆర్కైవ్‌ల దగ్గర స్కాన్‌కి కట్టే డబ్బు వేరు, వాడుకునే అనుమతి వేరు. మెయిల్‌లో ఏ మాధ్యమానికి, ఏయే దేశాల్లో, ఎన్నేళ్లకి అన్న మూడూ రాయించుకోండి. ఫిల్మ్ ఫెస్టివల్స్‌లో ప్రదర్శనకని అనుమతి తీసుకుని తర్వాత ఇంటర్నెట్‌లో పెట్టడం కుదరదు.

రఫీ_ఎడిట్‌రూమ్ · గురువారం, రాత్రి 9:20

ఫిల్మ్ ముక్క గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను మాట్లాడతాను. వేణు, ఆ 40 సెకన్లలో జనం పరుగులాంటి నడక నడుస్తున్నారా?

వేణు_కెమెరా · గురువారం, రాత్రి 9:33

అవును అన్నా. రేవు దగ్గర దృశ్యం అది. అందరూ హడావుడిగా ఉన్నట్టుంది. మాస్టారు అక్కడ "ఎంత హడావుడో చూడండి" అంటారు.

రఫీ_ఎడిట్‌రూమ్ · గురువారం, రాత్రి 9:50

ఆ మాట తీసేయించు. మూగ కాలపు ఫిల్మ్‌ని చేత్తో తిప్పేవాళ్లు, సెకనుకి 16 ఫ్రేములో, 18 ఫ్రేములో. దాన్ని ఫ్రేముకి ఫ్రేము 25 మీదికి ఎక్కిస్తే ఒకటిన్నర రెట్లు వేగంగా పరిగెడుతుంది. హడావుడి జనంలో లేదు, ఫైల్‌లో ఉంది.

తేల్చుకోవడానికి ఒక పని చెయ్యి. మామూలుగా నడిచేవాడు సెకనుకి సుమారు రెండు అడుగులు వేస్తాడు, పది సెకన్లకి 19, 20. మీ క్లిప్‌లో ఒకణ్ణి పట్టుకుని అడుగులు లెక్కపెట్టు. 30 దగ్గరొస్తే అసలు వేగం 16 చుట్టూ ఉన్నట్టు. ఒక్కణ్ణే కాదు, ఇద్దరు ముగ్గుర్ని చూడు, ఎందుకంటే నిజంగా పరిగెత్తేవాడూ ఉండొచ్చు.

16 అయితే మీ 40 సెకన్లు 62 సెకన్లు దాకా సాగుతుంది. ప్లానింగ్‌లో ఇది పెద్ద తేడా. దాని మీద మాస్టారి వాయిస్ ఓవర్ ఎంత నిడివి రాయాలో ఇప్పుడే తెలియాలి. అందుకే ఆర్కైవ్‌ని ఫ్రేములు కలపని ఫైల్ అడుగు. ముందే 25కి మార్చి ఫ్రేములు కలిపేసి ఉంటే, వేగం తగ్గించినప్పుడు మనుషుల చుట్టూ దెయ్యం నీడలు వస్తాయి.

ఇంకోటి, ఆ ఫ్రేము 4:3. తెర నింపాలని 16:9కి కోస్తే ఎత్తులో పావు వంతు పోతుంది. రేవు దృశ్యంలో పోయేది పైన ఓడ కొయ్యలో, కింద జనం కాళ్లో. పక్కల నల్ల పట్టీలు ఉంచు, ఎవరూ ఏమీ అనరు.

మైక్_మూర్తి · గురువారం, రాత్రి 10:40

శబ్దం గురించి నా మాట. మాస్టారు నడుస్తూ మాట్లాడతారు కాబట్టి కాలర్ మైక్ పెడతారు, మంచిదే. కానీ ఆయన ఖద్దరు చొక్కా గానీ గంజి పెట్టిన చొక్కా గానీ వేసుకుంటే నడిచినప్పుడల్లా గరగరమంటుంది. ముందురోజు అవే బట్టల్లో పది అడుగులు నడిపించి హెడ్‌ఫోన్‌లో వినండి.

పాత ఫొటో తెర మీదికి వచ్చినప్పుడు కింద ఏం వినబడుతుందో ఇప్పుడే ఆలోచించుకోవాలి. మాస్టారి మాట ఆగి, వీధి చప్పుడు కూడా ఠక్కున ఆగితే కట్ గుచ్చుకుంటుంది. ప్రతిచోటా టేక్ అయ్యాక అందర్నీ కదలకుండా నిలబెట్టి ఒక నిమిషం ఖాళీ వీధి చప్పుడు రికార్డు చేయండి. ఫొటో వచ్చాక దాన్ని మెల్లగా తగ్గించుకుంటూ పోవచ్చు.

రేవు క్లిప్‌కి మాత్రం నేనైతే అలల చప్పుడు, బళ్ల చప్పుడు, జనం కేకలు వేస్తాను. మూగగా వదిలితే చూసేవాడు తన టీవీ పాడైందనుకుంటాడు.

లత_రీసెర్చ్ · గురువారం, రాత్రి 11:05

మూర్తి గారూ, అక్కడ మీతో ఏకీభవించలేను. ఆ ఫిల్మ్‌కి శబ్దం లేదు. మనం కేకలు కలిపితే ఆ రేవులో అలా కేకలు వేసేవారని మనం చెప్పినట్టే, దానికి మన దగ్గర ఆధారం లేదు. చూసేవాళ్లు బొమ్మనీ శబ్దాన్నీ విడదీసి చూడరు, రెండూ అప్పటివే అనుకుంటారు. మాస్టారి గొంతు, లేదంటే పలచటి సంగీతం చాలు.

మైక్_మూర్తి · గురువారం, రాత్రి 11:18

సంగీతానికి మాత్రం ఆధారం ఎక్కడుంది లత గారూ? అదీ మనం కలిపిందే. అలలు అప్పుడూ ఇవే, ఆ రేవులోనే రికార్డు చేస్తే అంతకన్నా నిజం ఏముంది? కేకలు వద్దంటే మానేస్తాను, అలలు మాత్రం ఉంచమంటాను.

రఫీ_ఎడిట్‌రూమ్ · శుక్రవారం, ఉదయం 6:50

అలల దాకా నేను మూర్తి గారి పక్షం. బండి చక్రాల చప్పుడు వేస్తే మాత్రం అది ఏ బండో, ఏ చక్రమో మనకి తెలియాలి.

వేణు_కెమెరా · శనివారం, రాత్రి 8:25

అడుగులు లెక్కపెట్టాం. ముగ్గురిలో ఇద్దరికి పది సెకన్లలో 29, 30 వచ్చాయి, మూడోవాడు నిజంగానే పరిగెడుతున్నాడు. మాట తీసేశాం, 62 సెకన్ల లెక్కన వాయిస్ ఓవర్ మళ్లీ రాస్తున్నాం.

మొత్తం వరస తిరగేశాం. 11 ఫొటోల్లో చోటు దొరికినవి 7. అనుమతి మెయిల్ 4కి వచ్చింది, మిగతావాటికి మాస్టారి మాట రెండు రకాలుగా తీస్తాం. ఫొటో గానీ, చూపించడానికి నిలిచి ఉన్న కట్టడం గానీ లేని రెండు చోట్లు నడకలోంచి పోయాయి. మాస్టారికి బాధగానే ఉంది, ఎందుకంటే ఆయనకి బాగా ఇష్టమైన కథ ఆ రెండింటిలో ఒకచోటిది. నడుస్తూ దారిలో చెప్పేలా పెట్టొచ్చేమో చూస్తున్నాం.

ఇంకో చిక్కు మిగిలింది. కోట గుమ్మం ఫొటో నీడలు చూస్తే సాయంత్రం తీసింది, బజారుది ఉదయం. సినిమాలో గుమ్మం ముందు వస్తుంది, వెంటనే బజారు. సాయంత్రపు ఎండలోంచి ఉదయపు ఎండలోకి నడిచినట్టు ఉంటుంది కదా?

రఫీ_ఎడిట్‌రూమ్ · శనివారం, రాత్రి 9:01

రెండింటి మధ్య మాస్టారు నడిచే షాట్ ఒకటి సన్న సందులో నీడలో తీయి. సందులో ఎండ దిక్కు తెలియదు, మధ్యలో పాత ఫొటో కూడా వస్తుంది కాబట్టి చూసేవాడు ఎండ లెక్క పట్టుకోడు.

లత_రీసెర్చ్ · శనివారం, రాత్రి 9:30

అది చాలావరకు పనిచేస్తుంది. నేనైతే గుమ్మం దగ్గర కరిగే షాట్ మానేసి, మామూలు కట్‌తో ఫొటో వేసి, గుమ్మాన్ని కూడా ఉదయమే తీస్తాను. సరిగ్గా అదే చోటు నుంచి కరిగి మారడం సినిమా మొత్తంలో ఒకటి రెండుసార్లు వస్తేనే దానికి బలం. ఏడుచోట్లా చేస్తే మూడోసారికే చూసేవాళ్లు ముందే ఊహిస్తారు.

పద్మజ_నడకలు · శనివారం, రాత్రి 9:52

నేనూ నా లామినేటెడ్ కార్డులన్నీ తీసి చూశాను. ఒకదాంట్లో దుకాణదారు ఎడమచేత్తో త్రాసు పట్టుకున్నాడు. ఇదీ తిరగబడిందేనా?

లత_రీసెర్చ్ · శనివారం, రాత్రి 10:10

ఒక్క చెయ్యి చూసి చెప్పలేం పద్మజ గారూ, ఎడమచేతివాటం మనిషే కావచ్చు, త్రాసు ఆ చేత్తోనే పట్టడం అలవాటు కావచ్చు. దుకాణం ఇంకా నిలిచి ఉంటే గుమ్మం ఏ పక్కనుందో చూసి రండి. కార్డు ఎక్కడినుంచి చేయించారో, అది నెగటివ్ నుంచి వచ్చిందో ప్రింటు నుంచి వచ్చిందో కూడా కనుక్కోండి.